చిన్న సంస్థల్లో క్లర్కు పనికి ఎంఎస్ ఆఫీస్, టాలీ సర్టిఫికెట్లు ఎంతవరకు పనికొస్తాయి?

"అన్నా, మాది నర్సంపేట. బీకాం అయిపోయి ఏడాది దాటింది. హన్మకొండలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎంఎస్ ఆఫీస్, టాలీ కలిపి మూడు నెలల కోర్సు, సర్టిఫికెట్‌తో సహా తొమ్మిది వేలు అంటున్నారు. వరంగల్‌లో చిన్న షాపులు, ఏజెన్సీల్లో క్లర్కు పనికి ఆ సర్టిఫికెట్ చూసి తీసుకుంటారా? ఇంట్లో మళ్లీ డబ్బులు అడగాలంటే టెన్షన్‌గా ఉంది."

చెల్లె, నేను పద్దెనిమిదేళ్లుగా వరంగల్‌లో పద్దుల పనిలోనే ఉన్నాను. పగలు పైపులు, మోటార్లు హోల్‌సేల్‌గా అమ్మే ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను, సాయంత్రం ఇంకో రెండు షాపుల లెక్కలు రాస్తాను. ఆ మూడు చోట్లా కొత్త మనిషిని తీసుకునేటప్పుడు ఓనర్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటారు. అక్కడ చూసిందే చెప్తున్నాను. సర్టిఫికెట్ ఉంటే పిలుస్తారు. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్న అరగంటలో తేలుతుంది.

పదిమంది లోపు పనిచేసే సంస్థలో క్లర్కు పని దొరకడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి తెలిసినవాళ్ల ద్వారా. మనిషి కావాలంటే ఓనరు ముందు తన ఆడిటర్‌ను అడుగుతాడు, తర్వాత టాలీ సర్వీసుకు వచ్చే అబ్బాయిని, ఆ తర్వాత పక్క షాపు గుమాస్తాను. ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణాలు, జిన్నింగ్ మిల్లులు ఎక్కువగా ఇలాగే మనుషులను చూసుకుంటాయి. ఈ దారిలో వచ్చినవాళ్లను సర్టిఫికెట్ చూపించమని అడగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. రెండోది, షాపు ముందు బోర్డు పెట్టినప్పుడో వాట్సాప్ గ్రూపులో వేసినప్పుడో నేరుగా వెళ్లడం. అప్పుడు ఒక్క రోజులోనే చేతినిండా బయోడేటాలు వచ్చి పడతాయి. అన్నీ చదివే తీరిక ఓనరుకు ఉండదు కాబట్టి కంప్యూటర్ కోర్సు అని రాసినవి ఒక పక్క, లేనివి ఇంకో పక్క పెడతాడు. నీ సర్టిఫికెట్ నీకు ఉపయోగపడేది అక్కడే. అప్పుడు కూడా కోర్సు పేరు చూస్తాడు తప్ప ఇన్‌స్టిట్యూట్ ఏది, గ్రేడు ఎంత అన్నది పట్టించుకోడు.

పోయిన ఏడాది మా దగ్గర జరిగింది చెప్తాను. బిల్లింగ్‌కు మనిషి కావాల్సి వచ్చి చివరికి ఇద్దరిని పిలిచాం. ఒకమ్మాయి డిగ్రీ, పీజీడీసీఏ, టాలీ కోర్సు చేసింది, సర్టిఫికెట్లన్నీ ఫైల్లో చక్కగా పెట్టుకుని వచ్చింది. ఇంకో అబ్బాయి ఇంటర్‌తో ఆపేసి రెండేళ్లు జిరాక్స్ సెంటర్‌లో పనిచేశాడు. ఇద్దరికీ ఒకే పని ఇచ్చాను. బ్యాంకు సైట్ నుంచి కాపీ చేసిన ఎక్సెల్ షీట్ ఒకటి, మా కలెక్షన్ అబ్బాయి చేత్తో రాసిన కాగితం ఒకటి. షీట్లో ఐదు మొత్తాలు ఉన్నాయి: 24,500, 16,850, 38,000, 9,200, 57,800. కాగితంలో అడుగున మొత్తం 1,46,350 అని రాసి ఉంది. "ఎక్సెల్లో కూడి, కాగితంతో సరిపోయిందో లేదో చెప్పండి" అన్నాను, అంతే.

ఆ అమ్మాయి వేళ్లు చాలా వేగంగా కదిలాయి. హెడ్డింగులకు రంగు వేసింది, గీతలు గీసింది, కింద ఆటోసమ్ కొట్టి ప్రింట్ తీసి ఇచ్చింది. మొత్తం 88,550 అని ఉంది. "కాగితంలో ఎంతుందమ్మా?" అని అడిగితే అప్పుడు చూసుకుంది. చూసుకుని మళ్లీ ఆటోసమ్ కొట్టింది, మళ్లీ 88,550 వచ్చింది. ముఖం చిన్నబోయింది పాపం. అబ్బాయి మెల్లగా చేశాడు, షీటు చూడ్డానికి ఏమంత బాగాలేదు. కానీ మొత్తం రాగానే ఆగి, "సార్, పెద్ద అంకెలు రెండూ కలిపితేనే 95 వేలు దాటుతుంది. ఇంకా మూడున్నాయి. 88 వేలు ఎలా వస్తుంది?" అన్నాడు. కారణం అతనికి తెలియదు. ఒక్కో గడి నొక్కి చూసుకుంటూ పోయి, 57,800 మాత్రం మిగతావాటిలా కుడివైపు లేదని కనిపెట్టి, దాన్ని చెరిపి మళ్లీ టైప్ చేశాడు. 1,46,350 వచ్చింది. ఓనరు ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేశాడు.

ఆ అమ్మాయికి తెలివి తక్కువని నేను అనను. చేసిన కోర్సుల్లో ఆమె చేతికి ఒక్క తప్పుల ఫైలు కూడా రాలేదు. ఇన్‌స్టిట్యూట్లలో మేడం బోర్డు మీద రాసిన మార్కుల జాబితానో జీతాల పట్టికనో టైప్ చేయిస్తారు. అందులో ప్రతి అంకె నువ్వే కొడతావు కాబట్టి ప్రతిదీ సరిగ్గానే కూడుతుంది. షాపులో నువ్వు టైప్ చేసేది తక్కువ. బ్యాంకు నుంచి, కంపెనీ నుంచి, జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్నదే ఎక్కువ. అలా వచ్చినవాటిలో అంకె వెనకాల కంటికి కనపడని ఖాళీ ఒకటి అతుక్కుని ఉంటుంది. అప్పుడు ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చూస్తుంది. `SUM` దాన్ని లెక్కలోకి తీసుకోదు, తప్పు అని కూడా చెప్పదు. మౌనంగా మిగతా నాలుగే కూడి ఇస్తుంది.

పట్టుకోవడం తేలికే. మనం ఏ అమరికా మార్చకపోతే ఎక్సెల్లో అంకెలు గడిలో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి. అందుకే ఫైలు తెరవగానే రంగులు వేయకు, అంకెలను మధ్యకు జరపకు. జరిపావంటే ఆ గుర్తు పోతుంది. రెండు వందల వరసలు ఉంటే కంటితో చూడలేం కాబట్టి ఇది వాడాలి:

```
=COUNTA(C2:C6)-COUNT(C2:C6)
```

మొదటిది నిండిన గడులన్నీ లెక్కపెడుతుంది, రెండోది అంకెలున్న గడులను మాత్రమే. మా షీటులో జవాబు 1 వస్తుంది, అంటే ఒక గడి అంకె కాదు. సున్నా వచ్చిన తర్వాతే కూడాలి. సరిచేయడానికి పక్క గడిలో ఇది రాయి:

```
=VALUE(TRIM(SUBSTITUTE(C6,CHAR(160)," ")))
```

అక్కడ వచ్చిన అంకెను కాపీ చేసి, C6లో Paste Values తో పెట్టు. వెబ్ పేజీల నుంచి వచ్చే ఆ ఖాళీ మామూలు స్పేస్ కాదు, దాని నంబరు 160. ఒట్టి `TRIM` దాన్ని తీయలేదు, ముందు మామూలు స్పేస్‌గా మార్చాలి. చాలామంది `TRIM` వేసి, పోలేదని చేతులెత్తేసేది ఇక్కడే.

అంకెల కంటే తేదీలు ఇంకా ప్రమాదం. మన బ్యాంకు ఫైల్లో 05/06/2025 అంటే జూన్ 5. కంప్యూటర్‌ను అమెరికా పద్ధతిలో ఉంచి ఉంటే (సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లలో ఇది మామూలు) ఎక్సెల్ దాన్ని మే 6 అని చదువుతుంది. 13/06/2025 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా ఒప్పుకోకుండా అక్షరాలుగా వదిలేస్తుంది. కాబట్టి ఒకే నిలువు వరసలో 12 వరకు ఉన్న తేదీలు కుడివైపు, 13 నుంచి పైవి ఎడమవైపు కనిపిస్తే తేదీలు తారుమారయ్యాయని అర్థం. ఎడమవైపు ఉన్నవాటిని సరిచేసి ఊరుకుంటారు చాలామంది. అవి కనిపించే తప్పులు మాత్రమే. కుడివైపు చక్కగా కూర్చున్నవే అసలు తప్పులు. ఫైలు మూసేసి, విండోస్ సెట్టింగ్స్‌లో Region ను English (India) చేసి, బ్యాంకు ఫైలును మళ్లీ మొదటి నుంచి తెరవాలి. నేను పనిలో చేరిన మొదట్లో ఈ తేడా తెలియక, డబ్బు కట్టేసిన ఒక డీలరుకు బాకీ ఉందని ఫోన్ చేశాను. ఆయన పరకాల నుంచి రసీదు పట్టుకుని షాపుకే వచ్చాడు. ఆయన ముందు నిలబడినప్పటి బాధ నాకు ఇంకా గుర్తుంది. నీకు ఇంత వివరంగా చెప్పేది అందుకే.

మొత్తాలు కలవనప్పుడు ముసలి గుమాస్తాలు చేసే పని ఒకటుంది, అది ఏ కోర్సులోనూ చెప్పరు. తేడాను తొమ్మిదితో భాగించి చూస్తారు. 16,850ని ఎవరైనా పొరపాటున 18,650 అని కొట్టారనుకో, మొత్తం 1,48,150 వస్తుంది, తేడా 1,800. అది తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ అలాగే పోతుంది. అంటే అన్ని బిల్లులూ మళ్లీ చూడకుండా, అంకెలు తిరగబడినదాన్ని వెతికితే చాలు. తొమ్మిదితో పోయినంత మాత్రాన తప్పు అదేనని కాదు, కానీ వెతకడం అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఈ మాట అంటే మా ఓనరు వెంటనే తలెత్తి చూస్తాడు. ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్న లెక్క అది.

ఇక టాలీ. తొమ్మిది వేలలో ఎక్కువ భాగం దీనికే కడుతున్నావు కాబట్టి, డబ్బు ఇచ్చేముందు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక చిన్న పని చెయ్యి. వాళ్ల కంప్యూటర్ దగ్గర కూర్చుని, F2 నొక్కి, జూన్ 14 తేదీతో ఒక సేల్స్ వోచర్ వేసి చూపించమను. లైసెన్స్ లేని ఎడ్యుకేషన్ మోడ్‌లో నడిపిస్తుంటే ఆ తేదీ తీసుకోదు. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీల్లోనే ఎంట్రీలు పడతాయి. నేర్పడానికి ఆ మోడ్ వాడటం తప్పేమీ కాదు, టాలీ కంపెనీ దాన్ని ఉచితంగా ఇచ్చేదే అందుకు. లెడ్జర్లు తెరవడం, ఏ గ్రూపు కింద పెట్టాలి, F8 సేల్స్, F9 పర్చేజ్, F5 పేమెంట్, F6 రిసీట్ అన్నవి అందులోనూ నేర్చుకోవచ్చు. అయితే ఇవన్నీ నువ్వు ఇంట్లో నీ అంతట నువ్వే ఉచితంగా నేర్చుకోగలిగినవి, వాటికి తొమ్మిది వేలు ఎందుకు?

ఆ మోడ్‌లో సరిగా సాధన కుదరనిది బ్యాంకు లెక్క సరిపోల్చడం. షాపులో 3వ తేదీ ఇచ్చిన చెక్కు బ్యాంకులో 9న పాస్ అవుతుంది. 10న వేసిన చెక్కు ఒకటి బౌన్స్ అయి 12న తిరిగొస్తుంది, దాని మీద బ్యాంకు చార్జీ పడుతుంది. మన పుస్తకంలో ఒక బ్యాలెన్సు, బ్యాంకులో ఇంకో బ్యాలెన్సు. ఆ తేడా ఎందుకొచ్చిందో ఒక్కో ఎంట్రీకి బ్యాంకు తేదీ వేసుకుంటూ పోయి చెప్పగలగడమే క్లర్కు అసలు పని. అన్ని ఎంట్రీలూ ఒకటో తేదీనే వేసి నేర్చుకున్నవాళ్లకు ఈ తేడా అన్నదే ఎప్పుడూ ఎదురుకాదు. అందుకే టాలీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను నేను షార్ట్‌కట్ కీలు అడగను. "బ్యాంకులో లక్షా ఇరవై వేలు, టాలీలో లక్షా నలభై వేలు చూపిస్తే ముందు ఏం చూస్తావ్?" అని అడుగుతాను. మనం జమ రాసుకున్న చెక్కు ఇంకా బ్యాంకులో పడలేదేమో చూస్తాను అని చెప్తే చాలు. చాలామంది "టాలీలో తప్పుంది సార్, సరిచేస్తా" అంటారు. ఆ జవాబు వింటే ఓనరుకు భయం వేస్తుంది. బ్యాలెన్సు కలపడానికి ఇష్టమొచ్చిన ఎంట్రీ వేసే మనిషి చేతికి పుస్తకం ఇవ్వడు.

జీఎస్టీ రిటర్నులు చిన్న షాపుల్లో ఆడిటరే వేస్తాడు కాబట్టి అదంతా నేర్చుకోవాలని టెన్షన్ పడకు. నీ దాకా వచ్చేది బిల్లు మీద కొనేవాడి జీఎస్టీ నంబరు. అది 15 అక్షరాలు ఉంటుంది, మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెప్తాయి. మనది 36, ఆంధ్రప్రదేశ్ 37. మన వైపు షాపులకు సిరోంచ నుంచి, భూపాలపట్నం నుంచి కూడా డీలర్లు వస్తారు. అవి మహారాష్ట్ర 27, ఛత్తీస్‌గఢ్ 22. అక్కడికి సరుకు పంపితే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ కాదు, ఐజీఎస్టీ పడాలి. నంబరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా మన జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు అతని పేరున వెళ్లదు. నెలనెలా రిటర్న్ వేసే షాపులు దాన్ని మరుసటి నెల 11లోపు వేస్తాయి. 14న తయారయ్యే అతని జీఎస్టీఆర్-2బిలో బిల్లు కనిపించదు, పన్ను క్రెడిట్ రాదు, అతను మనకు రావాల్సిన డబ్బు ఆపేస్తాడు. కాబట్టి బిల్లు సేవ్ చేసేముందు పోర్టల్లో ఆ నంబరు కొట్టి, వచ్చిన పేరు డీలరు పేరేనా అని చూసుకునే అలవాటు ఉందని చెప్తే, దాని విలువ ఏ ఓనరుకైనా తెలుసు.

ఏ సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందన్నది కూడా తేల్చుకోవాలి. "గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అని ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద రాసి ఉంటే దేనికి గుర్తింపు అని అడుగు. చాలాసార్లు అది సంస్థ రిజిస్ట్రేషన్ నంబరో ఐఎస్ఓ నంబరో అయి ఉంటుంది, నీ కోర్సుకు దానితో సంబంధం లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ ఇచ్చే సీసీసీ అనే కంప్యూటర్ సర్టిఫికెట్ వేరు. అది 80 గంటల కోర్సు, 100 ప్రశ్నల ఆన్‌లైన్ పరీక్ష, ఇన్‌స్టిట్యూట్‌లో చేరకుండా నేరుగా కూడా రాయొచ్చు. చిన్న షాపులో దానికీ మామూలు ఎంఎస్ ఆఫీస్ సర్టిఫికెట్‌కూ తేడా చూడరు. ప్రైవేటు ఆసుపత్రులు, కాలేజీలు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల్లో ఫైల్లో పెట్టుకోవడానికి కాగితం అడుగుతారు, అక్కడ ఇలాంటిది నిలబడుతుంది. ప్రభుత్వ టైపిస్టు పోస్టులు కూడా మనసులో ఉంటే ఈ రెండూ కాదు, సాంకేతిక విద్యా మండలి నిర్వహించే టైప్‌రైటింగ్ పరీక్షలు చూసుకోవాలి. ఇంగ్లిషు లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45. అది వేరే దారి, దానికి నెలల సాధన కావాలి.

నీ తొమ్మిది వేల విషయానికి వస్తే నేనైతే ఇలా చేస్తాను. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే, చేతికి కంప్యూటర్ దొరకడం కోసమైనా కోర్సు అవసరమే. అయితే ముందు ఒక్క నెల ఎంఎస్ ఆఫీస్‌కు మాత్రమే ఫీజు మాట్లాడుకో, మొత్తం ఒకేసారి కట్టకు. ఆ నెలలో వాళ్లిచ్చే మార్కుల జాబితాలు కాకుండా మీ ఇంటి బ్యాంకు పాస్‌బుక్ ఆరు నెలల స్టేట్‌మెంట్ దించుకుని దాని మీదే సాధన చెయ్యి. ఏ నెల ఎంత వచ్చింది, ఎంత పోయింది తీసి, చివరి బ్యాలెన్సు బ్యాంకు చూపించిన దానితో పైసలతో సహా కలిసేదాకా వదలకు. తర్వాత నర్సంపేటలోనే తెలిసిన ఎరువుల షాపో కిరాణా హోల్‌సేలో ఉంటే, నెల రోజులు సాయంత్రాలు రెండు గంటలు బిల్లులు ఎక్కిస్తానని అడుగు. జీతం ఇవ్వకపోయినా పర్వాలేదు, ఒక్క నెలే కదా. నిజమైన లైసెన్స్ ఉన్న టాలీ మీద నిజమైన తేదీలతో నువ్వు చేసే ఆ నెల పని, కోర్సులోని మిగతా రెండు నెలల కంటే ఎక్కువ నేర్పుతుంది. పైగా రేపు వరంగల్ ఓనరు ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఇందాక మొదటి దారి అన్నానే, అది నీకూ అక్కడే తెరుచుకుంటుంది.

బయోడేటాలో "ఎంఎస్ ఆఫీస్, టాలీ, ఇంటర్నెట్" అని రాయకు, అందరూ అదే రాస్తారు. కోర్సు పేరు ఒక వరసలో పెట్టి, దాని కింద "బ్యాంకు స్టేట్‌మెంట్‌ను టాలీతో సరిపోల్చగలను. పార్టీలవారీగా, 30, 60, 90 రోజులు దాటిన బాకీల జాబితా ఎక్సెల్లో తీయగలను" అని రెండు వాక్యాలు రాయి. నిజంగా చేయగలిగితేనే రాయి, ఎందుకంటే అప్పుడు పరీక్ష దాని మీదే పెడతారు. పార్టీల పేర్లు మార్చి నువ్వే తయారుచేసిన అలాంటి జాబితా ఒకటి ప్రింట్ తీసి బయోడేటా వెనక పిన్ను కొట్టు. ఓనరుకు రోజూ కావాల్సిన కాగితం అదే, సర్టిఫికెట్ జిరాక్సు కంటే ముందు దాన్ని చదువుతాడు.

షాపులకు వెళ్లేది నెలలో 21 తర్వాత పెట్టుకో. 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బి అని లెక్కలు చూసేవాళ్లంతా తలమునకలై ఉంటారు, నీతో మాట్లాడే ఓపిక ఉండదు. ఎరువులు, విత్తనాల షాపులైతే జూన్, జూలైల్లో కౌంటర్ మీద రైతుల రద్దీ ఉంటుంది, ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో వెళ్లు. వాళ్లు సీజన్‌కు మనిషిని చూసుకునేది అప్పుడే. పొద్దున షాపు తెరిచి దీపం పెట్టుకున్నాక, పదిన్నర ప్రాంతంలో వెళ్తే ఓనరు కుర్చీలోనే ఉంటాడు.